మొదటి అడుగుకు ముందు మూడు నిమిషాలు

ఆమె వయసు నలభై ఆరు. పట్టుచీరల దుకాణంలో పదహారేళ్లుగా పనిచేస్తోంది. పొద్దున పదింటికి లోపలికి వెళితే రాత్రి తొమ్మిదింటి దాకా నిలబడే ఉంటుంది. తెల్ల దుప్పటి పరిచిన చోట చెప్పులతో తిరగకూడదు కాబట్టి రోజంతా ఉత్త కాళ్లే. జూన్ రెండో వారంలో నా ఫిజియోథెరపీ గదికి వచ్చి, కుర్చీలో కూర్చోకముందే చెప్పడం మొదలుపెట్టింది.

"పొద్దున్నే మంచం దిగి కాలు కింద పెడితే మడమలో మేకు దిగినట్టు ఉంటుంది మేడమ్. గోడ పట్టుకుని, మునివేళ్ల మీద బాత్రూమ్ దాకా వెళ్తాను. పది నిమిషాలు ఇంట్లో అటూ ఇటూ తిరిగితే అసలు నొప్పే లేనట్టు ఉంటుంది. మధ్యాహ్నం అన్నం తిని లేచేసరికి మళ్లీ అదే. రాత్రికి ఇంకా ఎక్కువ."

ఈ మాటల్లోనే జబ్బు పేరు ఉంది. లేవగానే మొదటి అడుగులకు పొడుచుకొచ్చి, నడిస్తే తగ్గి, కాసేపు కూర్చుని లేస్తే తిరగబడే మడమ నొప్పి చాలావరకు ప్లాంటార్ ఫేషియైటిస్. మన ఇళ్లలో దీన్నే మడమ శూల అంటారు. ఎక్కువగా నలభై నుంచి అరవై ఏళ్ల మధ్య వస్తుంది. రోజంతా గట్టి నేల మీద నిలబడేవాళ్లకు, బరువు పెరిగినవాళ్లకు, పిక్కలు బిగుసుకుపోయినవాళ్లకు, ఉన్నట్టుండి నడకో పరుగో పెంచినవాళ్లకు ముప్పు ఎక్కువ.

ఆమె చేతిలో మూడు కాగితాలు ఉన్నాయి. ఒకటి యూరిక్ యాసిడ్ పరీక్ష, మామూలుగానే ఉంది. రెండోది నొప్పి మాత్రల చీటీ. మూడోది ఎక్స్‌రే. ఆమెను భయపెట్టింది అదే. "ఎముక పెరిగిందట, ముల్లులా. అది గుచ్చుకుంటున్నంత కాలం నొప్పి పోదన్నారు" అంది.

ముల్లు కాదు, పట్టీ

ముందు ఆ ముల్లు సంగతి చూద్దాం. మడమ ఎముక అడుగున చిన్న కొక్కెంలా పెరిగే ఆ ఎముక, ఏ నొప్పీ లేని ఎంతోమంది ఎక్స్‌రేల్లోనూ కనిపిస్తుంది. మడమ నొప్పి ఉన్నవాళ్లలో కొందరికి అసలు ఉండదు. నొప్పి పూర్తిగా తగ్గిపోయాక మళ్లీ ఎక్స్‌రే తీసినా అది అక్కడే ఉంటుంది. అంటే మనం తగ్గించాల్సింది దాన్ని కాదు.

అసలు కథ అరికాలి పట్టీది. మడమ ఎముక అడుగున, లోపలి వైపు నుంచి బయలుదేరి, అరికాలి వంపు కింద విసనకర్రలా విచ్చుకుంటూ అయిదు వేళ్ల మొదళ్ల దాకా వెళ్లే గట్టి తెల్లని పట్టీ ఒకటి ఉంటుంది. దాని పేరే ప్లాంటార్ ఫేషియా. చాలామంది "నరం లాగుతోంది" అంటారు కానీ అది నరం కాదు, ఎముకను ఎముకతో కలిపి ఉంచే కణజాలం.

ఇది చదువుతూనే మీ కాలి మీద చూసుకోవచ్చు. కాలు మీద కాలు వేసుకుని కూర్చోండి. ఒక చేత్తో బొటనవేలిని పాదం పైవైపుకు వంచి, రెండో చేతి బొటనవేలితో అరికాలి వంపు మధ్య తడమండి. చర్మం కింద ఒక తీగ బిగుసుకుని లేస్తుంది. వేలు వదిలేస్తే ఆ తీగ మాయమవుతుంది.

అడుగు తీసి అడుగు వేసేటప్పుడు ప్రతిసారీ జరిగేది ఇదే. మడమ లేచి, బరువు వేళ్ల మీదికి వచ్చి, వేళ్లు వంగగానే ఆ పట్టీ వేళ్ల మొదళ్ల చుట్టూ చుట్టుకుంటుంది. బావి గిలక మీద చేద తాడు బిగుసుకున్నట్టు బిగుసుకుని, అరికాలి వంపును పైకి లేపి, పాదాన్ని గట్టి మీటలా చేస్తుంది. ఇంగ్లండుకు చెందిన హిక్స్ అనే వైద్యుడు 1954లో ఈ గిలక పనితీరును వివరించాడు. తాడు ఎక్కువ అరిగేది కట్టిన ముడి దగ్గర. ఈ పట్టీకి ఆ ముడి మడమ ఎముక దగ్గర ఉంది.

జబ్బు పేరులోని చివరి ముక్కకు వైద్య భాషలో వాపు, మంట అని అర్థం. కానీ బాగా ముదిరి ఆపరేషన్ దాకా వెళ్లిన వాళ్ల నుంచి తీసిన ముక్కలను సూక్ష్మదర్శిని కింద చూసిన అమెరికా పాదవైద్యులు 2003లో వేరే మాట చెప్పారు. 50 మంది కణజాలంలో వాళ్లకు ప్రధానంగా కనిపించింది వాపు కాదు, పోగులు చివికి, అమరిక చెదిరిన పట్టీ. నొప్పి మాత్ర వేసుకున్నంతసేపు హాయిగా ఉండి, మానగానే నొప్పి తిరిగి రావడానికి ఇదొక కారణం. చివికిన పోగులను మాత్ర అల్లలేదు.

మరి పొద్దున మొదటి అడుగుకే ఎందుకంత బాధ? నిద్రలో మన పాదాలు కిందికి వాలి ఉంటాయి. పిక్క, అరికాలి పట్టీ రెండూ ఆరేడు గంటలు వదులుగా, కురచగా ఉండి ఆ భంగిమలోనే బిగుసుకుంటాయి. లేచి నిలబడగానే ఒంటి బరువంతా ఒక్కసారిగా ఆ పట్టీని లాగుతుంది. దెబ్బతిన్న ముడి దగ్గర ఆ లాగుడు మేకులా దిగుతుంది. పది నిమిషాల నడకలో పట్టీ సాగుతుంది కాబట్టి నొప్పి సర్దుకుంటుంది. అందుకే మొదటి వ్యాయామం మంచం దిగాక కాదు, దిగకముందే చేయాలి.

గోడ దగ్గర కొలత

ఆమెను బల్ల మీద పడుకోబెట్టి, కుడి కాలి వేళ్లను పైకి వంచి, మడమ దిండు ముందు అంచున లోపలి వైపు బొటనవేలితో నొక్కాను. కాలు లాగేసుకుంది. మడమను రెండు పక్కల నుంచి అరచేతులతో నొక్కితే మాత్రం ఏమీ అనలేదు. ఆ రెండో పరీక్ష ఎముకలో సన్నని పగులు ఉందేమో చూడటానికి. పగులు ఉంటే పక్కల నుంచి నొక్కినా నొప్పి పుడుతుంది.

తర్వాత గోడ దగ్గరికి తీసుకెళ్లాను. పాదం గోడకు ఎదురుగా పెట్టి, మడమ నేలను వదలకుండా మోకాలితో గోడను తాకమన్నాను. ఎడమ కాలితో, బొటనవేలు గోడకు నాలుగు వేళ్ల దూరంలో ఉన్నా మోకాలు తాకింది. కుడి కాలితో రెండు వేళ్ల దూరంలో ఉంచినా మడమ లేచిపోయింది. పిక్క బిగిసిందన్నమాట. చీలమండ ముందుకు వంగనప్పుడు ఆ లోటును ప్రతి అడుగులోనూ అరికాలి పట్టీయే భరించాలి. 2003లో అమెరికాలో వచ్చిన మరో అధ్యయనంలో బరువు, నిలబడి చేసే ఉద్యోగం, చీలమండ బిగుతు అనే మూడింటిని పోల్చి చూస్తే, అన్నిటికంటే ముందు నిలిచింది చీలమండ బిగుతే.

మంచం మీద పది సార్లు

ఆమెకు మొదటి రోజు నేర్పింది ఒక్కటే వ్యాయామం. అన్నీ ఒకేసారి ఇస్తే ఇంటికి వెళ్లాక ఏదీ మిగలదు.

మెలకువ రాగానే మంచం అంచున కూర్చోవాలి, పాదం నేలకు ఆనకూడదు. నొప్పి ఉన్న కాలిని రెండో కాలి తొడ మీద వేసుకోవాలి. నొప్పి కుడి కాలిదైతే కుడి చేత్తోనే, వేళ్ల మొదళ్ల దగ్గర అయిదు వేళ్లనూ కలిపి పట్టుకోవాలి. చీలమండను, వేళ్లను కలిపి మోకాలి వైపుకు నెమ్మదిగా లాగాలి. రెండో చేతి బొటనవేలితో అరికాలి వంపును తడిమితే, ఇందాక చెప్పిన తీగ బిగుసుకుని తగలాలి. తగిలితే సరిగ్గా చేస్తున్నట్టు. అలా మనసులో పది లెక్కపెట్టి, వదిలి, మళ్లీ పట్టుకోవాలి. మొత్తం పది సార్లు. మూడు నిమిషాలు కూడా పట్టదు. ఇదే రోజులో ఇంకో రెండు సార్లు చేయాలి, ముఖ్యంగా చాలాసేపు కూర్చుని లేవబోయే ముందు.

ఈ లెక్క నా సొంతం కాదు. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో పది నెలలకు పైగా మడమ నొప్పితో బాధపడుతున్న 101 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలుగా అందరూ చెప్పే పిక్క సాగదీసే వ్యాయామం, రెండో జట్టుకు ఈ అరికాలి పట్టీ వ్యాయామం ఇచ్చారు. ఎనిమిది వారాల తర్వాత, 2003లో వెలువడిన ఫలితాల్లో, మొదటి అడుగు నొప్పి రెండో జట్టుకే బాగా తగ్గింది. ఆ తర్వాత మొదటి జట్టుకూ ఇదే నేర్పారు. రెండేళ్లకు 66 మందిని మళ్లీ అడిగితే, నొప్పి తగ్గిందని 94 శాతం మంది చెప్పారు.

పొరపాట్లు ఎక్కడ జరుగుతాయో చూసి చూసి నాకు కంఠస్థం అయ్యాయి. కొందరు వేళ్ల కొసలు పట్టుకుని లాగుతారు, వేళ్ల కీళ్లు నొప్పి పెడతాయి తప్ప పట్టీ బిగుసుకోదు. కొందరు వేళ్లను మాత్రమే వంచి చీలమండను వదిలేస్తారు. కొందరు లాగి వెంటనే వదులుతూ కుదుపుతారు. అందరికంటే ఎక్కువమంది చేసే పొరపాటు మాత్రం బాత్రూమ్‌కి వెళ్లి వచ్చి తీరిగ్గా మొదలుపెట్టడం. అప్పటికి ఆ పట్టీ దెబ్బ తినేసి ఉంటుంది. మా చీరల దుకాణం ఆవిడ కూడా పది రోజుల తర్వాత వచ్చి "రోజూ చేస్తున్నా, తేడా లేదు" అంది. అడిగితే తేలిందేమిటంటే, పొద్దున సరిగ్గానే చేస్తోంది, కానీ రాత్రి రెండింటికి బాత్రూమ్‌కి లేచినప్పుడు చేయడం లేదు. పట్టీకి మొదటి అడుగు పొద్దునదే కానక్కర్లేదు, పడుకుని లేచిన ప్రతి అడుగూ మొదటిదే. రాత్రి పూట కనీసం మూడు నాలుగు సార్లయినా లాగి, మంచం పక్కనే పెట్టుకున్న మెత్తని చెప్పులు వేసుకునే దిగమన్నాను.

పిక్క, ఆ తర్వాత బలం

రెండో వారం నుంచి పిక్క వ్యాయామం కలిపాం. గోడకు రెండు చేతులు ఆనించి, నొప్పి ఉన్న కాలిని వెనక్కి పెట్టాలి. వెనక కాలి మడమ నేలకు అంటి ఉండాలి, పాదం పక్కకు తిరగకుండా గోడ వైపే చూడాలి. ముందు మోకాలు వంచుతూ ఒళ్లు ముందుకు వాల్చితే వెనక పిక్క పైభాగం లాగుతుంది. అరనిమిషం ఆగాలి, మూడు సార్లు చేయాలి. ఇప్పుడు అదే భంగిమలో వెనక మోకాలిని కూడా కొద్దిగా వంచితే లాగుడు కిందికి, మడమ వెనక స్నాయువు వైపు దిగుతుంది. పిక్కలో ఒకదాని వెనక ఒకటి రెండు కండరాలు ఉన్నాయి, లోపలిది మోకాలు వంచితే తప్ప సరిగ్గా సాగదు. అందుకే రెండు రకాలుగానూ చేయాలి.

అయిదో వారానికి ఆమె మొదటి అడుగు నొప్పి పదికి ఎనిమిది నుంచి అయిదుకు వచ్చింది. రోజూ పొద్దున ఆ అంకెను క్యాలెండర్‌లో పాల లెక్క రాసే చోటే రాయమన్నాను. అప్పుడు మూడో మెట్టు మొదలైంది. సాగదీయడం నొప్పిని తగ్గిస్తుంది, కానీ చివికిన పట్టీ మళ్లీ పదకొండు గంటలు నిలబడగలగాలంటే దానికి బరువు మోసే బలం రావాలి.

దీనికి కావాల్సింది మెట్టు, తువ్వాలు. తువ్వాలును గట్టిగా చుట్టి మెట్టు అంచున పెట్టి, దాని మీద వేళ్లు పైకి వంగేలా పాదం ముందు భాగాన్ని ఉంచాలి. మడమ మెట్టు దాటి గాలిలో ఉంటుంది. గోడను పట్టుకుని, మూడు లెక్కపెడుతూ మడమను పైకి లేపాలి, పైన రెండు లెక్కపెట్టేదాకా ఆగాలి, మళ్లీ మూడు లెక్కపెడుతూ దించాలి. తువ్వాలు ఎందుకంటే, వేళ్లు వంగి ఉంటేనే గిలక మీద తాడు బిగుసుకుంటుంది, బరువు పట్టీ దాకా చేరుతుంది. డెన్మార్క్‌లో 48 మంది మీద జరిపిన పరిశీలనలో, ఒంటికాలి మీద రోజు విడిచి రోజు ఇలా చేసినవాళ్లకు మూడు నెలల దగ్గర, సాగదీయడం మాత్రమే చేసినవాళ్లకంటే బాగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి రెండు జట్లూ సమానమయ్యాయి. అంటే ఇది తొందరగా కోలుకునే దారి, ఒకే ఒక్క దారి కాదు.

ఒంటికాలి మీద లేవలేనివాళ్లు రెండు కాళ్లతో మొదలుపెట్టవచ్చు. ఆమె కూడా అలాగే మొదలుపెట్టింది. పన్నెండు సార్లు తేలిగ్గా చేయగలిగాక ఒంటికాలికి, తర్వాత భుజానికి రెండు కిలోల బియ్యం సంచి తగిలించుకునే దాకా వెళ్లింది. చేసేటప్పుడు కొద్దిపాటి నొప్పి ఉన్నా పర్వాలేదు. కొలబద్ద మరునాటి పొద్దున వేసే మొదటి అడుగు. అది నిన్నటికంటే ఎక్కువ పొడిస్తే బరువు తగ్గించాలి, లేకపోతే కొనసాగించాలి.

శ్రావణమాసం

తొమ్మిదో వారానికి క్యాలెండర్‌లో అంకె మూడుకు దిగింది. అంతలో శ్రావణం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం ముందు వారమంతా దుకాణంలో రాత్రి పదకొండింటి దాకా పని. ఒక సోమవారం ఉదయం వచ్చి క్యాలెండర్ కాగితం బల్ల మీద పెట్టింది. ఏడు. "ఇన్నాళ్లు చేసిందంతా పోయింది మేడమ్" అని ఏడ్చింది.

పోలేదు. ఈ జబ్బు మెట్లు దిగినట్టు తగ్గదు, అల తగ్గినట్టు తగ్గుతుంది. నిలబడే గంటలు ఒక్కసారిగా పెరిగితే అంకె లేస్తుంది, భారం తగ్గించి వ్యాయామం ఆపకపోతే మొదటిసారి పట్టినంత కాలం పట్టకుండానే దిగుతుంది. ఆ వారం మెట్టు వ్యాయామం ఆపి, సాగదీసేవి మాత్రం ఉంచాం. రాత్రి ఇంటికి వెళ్లాక గడ్డకట్టించిన నీళ్ల సీసాను అరికాలి కింద పెట్టి పది నిమిషాలు దొర్లించమన్నాను.

అసలు కారణం దుకాణం నేల కాబట్టి, దాని సంగతీ చూడాలి. ఆమె యజమానితో మాట్లాడి, బిల్లింగ్ వైపు ఉన్నప్పుడు మెత్తని అడుగున్న, మడమ కొద్దిగా ఎత్తుగా ఉన్న చెప్పులు వేసుకోవడానికి, కొనేవాళ్లు లేనప్పుడు స్టూల్ మీద కూర్చోవడానికి ఒప్పించింది. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే వీలు ఉండాలని చట్టాలను సవరించాయి. నా గదికి వచ్చే మడమలను చూస్తుంటే, అది దయ కాదు, వైద్యమే అనిపిస్తుంది. ఇంట్లో కూడా టైల్స్ మీద, గ్రానైట్ మీద ఉత్త కాళ్లతో తిరగవద్దన్నాను. అరిగి పలచబడిన హవాయి చెప్పులూ ఉత్త కాళ్లతో సమానమే.

దసరాకు అంకె రెండు. కార్తీక మాసంలో కొన్ని రోజులు ఒకటి, కొన్ని రోజులు సున్నా. మొత్తం అయిదు నెలలు పట్టింది. ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే ఏడాది లోపు తగ్గుతుంది, కానీ వారంలో తగ్గిస్తామనేవాళ్లను నమ్మవద్దు.

ఇటుక, ఇంజెక్షన్, అనుమానాలు

వేడి చేసిన ఇటుక మీద జిల్లేడాకు వేసి మడమ ఆనించడం మన ఊళ్లలో పాత అలవాటు. ఆ వెచ్చదనానికి కాసేపు ఉపశమనం ఉంటుంది. కానీ షుగర్ ఉన్నవాళ్లు మాత్రం చేయకూడదు. పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే చర్మం కాలుతున్నా తెలియదు, ఆ పుండు మడమ నొప్పికంటే పెద్ద ప్రమాదం. ఐసు సీసాకూ ఇదే జాగ్రత్త.

మడమలో వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు నొప్పిని బాగా తగ్గిస్తుంది. ఆ తర్వాత తేడా పెద్దగా నిలవదు. పదే పదే వేయించుకుంటే మడమ కింద దిండులా ఉండే కొవ్వు పలచబడవచ్చు, పట్టీయే తెగవచ్చు. నొప్పి భరించలేక వ్యాయామం కూడా చేయలేనప్పుడు డాక్టర్ సలహాతో ఒకసారి వేయించుకోవడం వేరు, నొప్పి వచ్చినప్పుడల్లా పరుగెత్తడం వేరు. మూడు నాలుగు నెలలు సరిగ్గా చేసినా తగ్గకపోతే, రాత్రి పాదాన్ని వాలిపోకుండా ఉంచే పట్టీ, షాక్‌వేవ్ చికిత్స వంటివి ఉన్నాయి.

ప్రతి మడమ నొప్పీ ఇది కాదు. పడుకున్నా, కదలకపోయినా నొప్పి ఉంటే, పాదంలో తిమ్మిరి, మంట, సూదులు గుచ్చినట్టు ఉంటే, మడమ వాచి వేడిగా ఉండి జ్వరం వస్తే, నడిచేకొద్దీ తగ్గకుండా పెరుగుతూనే ఉంటే, నడుస్తుండగా టప్పుమని తెగినట్టు అనిపించి అడుగు వేయలేకపోతే, వ్యాయామాలు పక్కన పెట్టి ఎముకల డాక్టర్‌ని కలవాలి. నలభై లోపు వయసువాళ్లకు రెండు మడమలూ నొప్పి పెట్టి, పొద్దున నడుము అరగంటకు పైగా పట్టేసి, తిరిగితే సర్దుకుంటుంటే, అది వెన్నుకు వచ్చే ఒక రకం కీళ్లవాతానికి సూచన కావచ్చు. దానికి కీళ్లవాతాల నిపుణులే చూడాలి.

మొన్న సంక్రాంతి ముందు చీర కొనడానికి వాళ్ల దుకాణానికి వెళ్లాను. ఎవరూ లేని సమయం చూసి ఆమె స్టూల్ మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయి, ఆగి, కాలు మీద కాలు వేసుకుని వేళ్లు పట్టుకుంది. పక్కన కొత్తగా చేరిన అమ్మాయి అదేమిటని అడిగితే, "లేచే ముందు పది లెక్కపెట్టాలి. నువ్వూ నేర్చుకో, నీకూ ఇదే నేల" అంది.